ఉల్లిపొర స్లైడు: లో పవర్‌లో బాగుంది, హై పవర్‌కి తిప్పితే మబ్బు

చాక్‌పీస్_మేడం
తొమ్మిదో తరగతికి వచ్చే బుధవారం ఉల్లిపొర ప్రాక్టికల్ ఉంది. నేను చదివింది ఫిజిక్స్, బయాలజీ మేడం సెలవులో ఉన్నారు కాబట్టి ఇది నా నెత్తిన పడింది. ల్యాబ్‌లో పనిచేసే మైక్రోస్కోపు ఒక్కటే, కింద అద్దం ఉండే పాత రకం. నిన్న సాయంత్రం ఒంటరిగా కూర్చుని నాలుగు స్లైడ్లు చేశాను. మొదటి రెండింట్లో గుండ్రంగా నల్లటి వలయాలు కనిపించాయి, అవే కణాలనుకుని సంబరపడి ఫోటో తీసి మా గ్రూపులో కూడా పెట్టాను. అవి గాలి బుడగలని తర్వాత మా ఆయా చెప్పింది. ఇరవై ఏళ్లుగా ల్యాబ్ తుడుస్తోంది, నాకంటే ఎక్కువే చూసింది.

మూడోది, నాలుగోది లో పవర్‌లో చక్కగా వచ్చాయి, ఇటుకల గోడలా వరసలు. అక్కడినుంచి హై పవర్‌కి తిప్పితే పొగమంచులో చూసినట్టు ఉంది. ఫైన్ నాబ్ ఎటు తిప్పినా అంతే. ఇంకో సందేహం: కన్ను పెట్టే కటకం మీద 10 అని, కింద పెద్ద కటకం మీద 45 అని ఉన్నాయి. పాత పిల్లల రికార్డుల్లో మాత్రం అందరూ 400 రెట్లు అని రాశారు. ఏది రాయించాలి?

సూరి_సైన్స్‌కోచింగ్
400 రాయించండి మేడం, టెన్షన్ వద్దు. ఎక్కడ చూసినా హై పవర్ అంటే 400, లో పవర్ అంటే 100, ఇదే రాస్తారు. మసకగా ఉందంటే మీ ఐపీస్ పవర్ చాలడం లేదు, 15 ది దొరుకుతుంది, అది పెట్టి చూడండి, అంతా పెద్దగా క్లియర్‌గా వస్తుంది.

గడ్డ_కోసిన_కన్నీళ్లు
ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు, మీకు మాత్రం కీడే చేస్తున్నట్టుంది. స్లైడుకి ఎన్ని గడ్డలు కోశారు, మిగిలినవి ఎవరింట్లో కూరకి వెళ్లాయి?

జై_బైపీసీ
మేడం నేను పోయినేడాది చేశాను ఇది. ఉల్లిగడ్డని నీళ్ల గ్లాసు మూతి మీద కూర్చోబెట్టి మూడు నాలుగు రోజులు ఉంచండి, తెల్లటి వేర్లు వస్తాయి. వేరు కొన కోసి అసిటోకార్మిన్‌లో కొంచెం వేడి చేసి, స్లైడు మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కాలి. కణాలు విడిపోయి క్రోమోజోములు కనబడతాయి. మీరు నొక్కకపోవడం వల్లే మసక వస్తోంది.

పద్మజ_బోటనీ
జై, నువ్వు చెప్పింది వేరుకొనలో సమవిభజన చూసే పద్ధతి. మేడం అడిగింది గడ్డ లోపలి పొర. దీన్ని బొటనవేలితో నొక్కితే పొర ముడతపడి మూడు కణాలు ఒకదాని మీద ఒకటి కనబడతాయి. మేడం, దయచేసి నొక్కకండి.

జై_బైపీసీ
ఓ. సారీ. ఉల్లి అనగానే నాకు అదే గుర్తొస్తుంది, దానికే నాకు రెండు మార్కులు పోయాయి.

ల్యాబ్_మామ
డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు ల్యాబ్ అటెండర్‌గా చేసి రిటైరయ్యాను. ఐపీస్ కొనకండి మేడం, డబ్బు దండగ.

మీరు చెప్పిన దాంట్లోనే సగం జవాబుంది. లో పవర్‌లోనూ హై పవర్‌లోనూ మీరు చూసేది ఒకే ఐపీస్‌లోంచి. అద్దం అదే, స్లైడు అదే. లో పవర్‌లో తేటగా ఉందంటే వీటిలో ఏదీ దొంగ కాదు. మారింది ఆ 45 కటకం ఒక్కటే. కాబట్టి దాని మీదైనా ఏదో అంటుకుని ఉండాలి, లేదా దానికీ పొరకీ మధ్య ఉండాల్సినదానికంటే ఎక్కువ గాజు ఉండాలి.

గాజు సంగతి ముందు చూడండి. స్లైడుని తలకిందులుగా, అంటే కవర్‌స్లిప్ కిందకి వచ్చేలా పెట్టారా? నవ్వకండి, లెక్చరర్లే పెట్టారు. లో పవర్ కటకం స్లైడుకి దూరంగా ఉంటుంది కాబట్టి దానికి తేడా తెలీదు. హై పవర్ కటకం కొన పొరకి అర మిల్లీమీటరో ఇంకా తక్కువో దూరంలోకి రావాలి. స్లైడు గాజే మిల్లీమీటరు పైన ఉంటుంది, ఇక ఎక్కడ వస్తుంది. రెండు కవర్‌స్లిప్‌లు అతుక్కుని ఉన్నా ఇదే గోల, కొత్త డబ్బాలోంచి తీసేటప్పుడు అవి జంటగా వచ్చేస్తాయి, గోటితో పక్కకి తోసి చూస్తే తెలుస్తుంది.

తేడా ఎలా గుర్తుపట్టాలంటే, గాజు ఎక్కువైతే ఫోకస్ అసలు దొరకదు, ఆకారమే రాదు, దిగుతూ దిగుతూ కటకం గాజుకి తగులుతుంది. కటకం మురికైతే ఆకారం వస్తుంది, గోడలు ఎక్కడున్నాయో తెలుస్తుంది, కానీ మీద పాల మీగడ కప్పినట్టు ఉంటుంది. మీకు ఏది?

చాక్‌పీస్_మేడం
రెండోదే సర్. గోడలు తెలుస్తున్నాయి, మీగడ కూడా ఉంది. స్లైడు తలకిందులు కాదు, ఇప్పుడే మళ్లీ వెళ్లి చూసొచ్చాను.

ల్యాబ్_మామ
అయితే గ్లిజరిన్. స్లైడు మీద ఎక్కువైన గ్లిజరిన్ అద్దకుండానే హై పవర్‌కి తిప్పి ఉంటారు, మీరు కాకపోతే మీకు ముందు ఎవరో. ఐపీస్ పైకి లాగి తీయండి, తలకిందులు చేసి కంటికి దగ్గరగా పెట్టుకోండి, అదే భూతద్దం. దాంట్లోంచి 45 కటకం కొనని చూడండి, చిన్న గాజు చుక్క కనిపిస్తుంది, దాని మీద నూనె మరకలాంటిది ఉంటే దొంగ దొరికినట్టే.

తుడవడానికి చీరకొంగు వద్దు, చేతిరుమాలు వద్దు. లెన్స్ పేపరు ఉంటే అది, లేకపోతే బాగా ఉతికి మెత్తబడ్డ పాత నూలు గుడ్డ. గ్లిజరిన్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌తో అంచు తడిపి ఒత్తకుండా రెండు మూడు సార్లు, తర్వాత పొడిది. స్పిరిట్‌తో కడగకండి, లోపల కటకాల్ని అతికించిన జిగురుకి అది మంచిది కాదు. ఊదకండి కూడా, ఉమ్మి పడుతుంది.

సూరి_సైన్స్‌కోచింగ్
నేను ఐపీస్ అన్నది తప్పేం కాదు మామా, పవర్ పెరిగితే వివరం పెరుగుతుంది కదా.

పద్మజ_బోటనీ
సూరి గారూ, వివరం తెచ్చేది కింది కటకం. ఐపీస్ చేసేది ఆ వచ్చిన బొమ్మని సాగదీయడమే. ఆ 45 కటకం పక్కన 0.65 అని ఇంకో అంకె ఉంటుంది చూడండి. దాన్ని 1000తో గుణిస్తే 650. అంతకుమించి పెంచితే బొమ్మ పెద్దదవుతుంది తప్ప కొత్తగా ఏమీ కనిపించదని లెక్క. 15 ఐపీస్ పెడితే 675, అంటే ఆ గీత దాటేసినట్టే. పైగా చూపు మేర తగ్గి, వెలుతురు తగ్గి, తొమ్మిదో తరగతి పిల్లలకి చీకట్లో వెతుకులాటే. మురికి కటకం మీద అయితే మురికి కూడా పెద్దగా కనిపిస్తుంది.

సూరి_సైన్స్‌కోచింగ్
సరే ఐపీస్ వరకు ఒప్పుకుంటాను. 400 మాత్రం వదలను.

హైదరాబాద్_నాన్న
మా వాడు కూడా తొమ్మిదే. వాడి ల్యాబ్‌లో ఎవరో హై పవర్‌లో ఉండగా పెద్ద నాబ్ తిప్పి స్లైడు పగలగొట్టారట, ఫైను మాత్రం క్లాసంతటికీ. నేను అడిగేది, అసలు పెద్ద నాబ్ ఎందుకు పెడతారు అలా అయితే?

ల్యాబ్_మామ
పెద్ద నాబ్ లో పవర్ కోసం సార్. పద్ధతి ఏంటంటే, కన్ను ఐపీస్‌లో పెట్టి కటకాన్ని ఎప్పుడూ కిందకి దించకూడదు. ముందు పక్కనుంచి చూస్తూ స్లైడుకి దగ్గరగా దించాలి, తర్వాత కన్ను పెట్టి పైకి ఎత్తుకుంటూ రావాలి. పైకి వెళ్లేటప్పుడు ఏదీ పగలదు. బొమ్మ దొరికాక, చూడాల్సిన కణం సరిగ్గా మధ్యలోకి తెచ్చి, అప్పుడు హై పవర్‌కి తిప్పి చిన్న నాబ్ ఒకటి రెండు చుట్లు. మధ్యలోకి తేకుండా తిప్పితే ఆ కణం చూపు మేర బయటికి పోతుంది, పిల్లలు ‘పోయింది పోయింది’ అని పెద్ద నాబ్ పట్టుకుంటారు, టక్‌మంటుంది. నా సర్వీసులో పగిలిన స్లైడ్లలో ఎక్కువ భాగం ఇలాగే పగిలాయి.

ఇంకోటి మేడం, అద్దాన్ని కిటికీ వైపు తిప్పండి కానీ ఎండ నేరుగా పడకూడదు. సూర్యుడు ఆ అద్దంలోంచి కంట్లోకి వస్తే కన్ను పోతుంది. ట్యూబులైటో, నీడ పడ్డ తెల్లగోడో చాలు.

గడ్డ_కోసిన_కన్నీళ్లు
ఇప్పుడు సీరియస్‌గానే అడుగుతున్నా. నేను బడిలో ఉన్నప్పుడు ఉల్లి పొట్టు పెట్టి చూశాను, పైన ఎర్రగా కాగితంలా ఉంటుందే, అది. ఏమీ కనిపించలేదు, సార్ కొట్టాడు. తప్పు నాదా సార్‌దా?

పద్మజ_బోటనీ
కొట్టినందుకు సార్‌ది, పొట్టు పెట్టినందుకు మీది. ఆ కాగితం పొట్టు ఎండి చచ్చిన భాగం, కేంద్రకం కోసం వెతికినా దొరకదు. కావల్సింది కండగల రేకుకి లోపలివైపు, అంటే గుంటగా ఉండే వైపు అతుక్కుని ఉండే పల్చటి పొర.

మేడం, మొదటి రెండూ బుడగలయ్యాయన్నారు కాబట్టి పొర తీయడం కొంచెం వివరంగా చెప్తాను. గడ్డని నాలుగు ముక్కలు చేసి మధ్యలో ఉండే రేకు ఒకటి తీసుకోండి. దాన్ని గుంట వైపు మీకు కనిపించేలా పట్టుకుని వెనక్కి విరవండి, పూర్తిగా తెగనివ్వకండి. విరిగినచోట పాలిథిన్ లాంటి పొర సాగుతూ కనిపిస్తుంది, దాన్ని పట్టకారుతో మెల్లగా లాగితే వచ్చేస్తుంది. తీసిన వెంటనే వాచ్‌గ్లాసులో నీళ్లలో వేసేయాలి, గాలిలో అర నిమిషం ఉంచినా చుట్టుకుపోతుంది, చుట్టుకుపోయాక విప్పడం చీర మడత కాదు. నీళ్లలోనే బ్లేడుతో నాలుగైదు మిల్లీమీటర్ల చదరం ముక్క కోయండి. పెద్ద ముక్క ఆశపడితే కవర్‌స్లిప్ కింద మడత పడుతుంది.

రంగు: ఇంకో వాచ్‌గ్లాసులో నీళ్లు పోసి సాఫ్రానిన్ ఒకటో రెండో చుక్కలు, అందులో పొరని అర నిమిషం నుంచి నిమిషం ఉంచి, బ్రష్‌తో తీసి మళ్లీ మంచి నీళ్లలో కడగాలి. పిల్లలు చేసే తప్పు ఇక్కడే ఉంటుంది. ఎంత ఎర్రగా ఉంటే అంత బాగా కనిపిస్తుందనుకుని ఐదు నిమిషాలు నానబెడతారు. గోడ ఎరుపే, లోపలా ఎరుపే, కేంద్రకం ఎక్కడుందో దానికే తెలీదు. కంటికి లేత గులాబీ రంగులో కనిపిస్తే చాలు.

తర్వాత స్లైడు మధ్యలో ఒక్క చుక్క గ్లిజరిన్, దాంట్లో పొరని పరిచి, కవర్‌స్లిప్ ఒక అంచు చుక్కకి ఆనించి, ఇంకో అంచుని సూదితో పట్టుకుని వాలుగా మెల్లగా దించాలి. పైనుంచి టపీమని వేస్తే గాలి లోపల చిక్కుకుంటుంది, అవే మీ నల్ల వలయాలు. పక్కకి కారిన గ్లిజరిన్‌ని బ్లాటింగ్ పేపర్ ముక్కతో అంచుల దగ్గర అద్దేయండి. మామ చెప్పిన మీగడ రాకూడదంటే ఇదే మందు.

చాక్‌పీస్_మేడం
బుడగ కాదు కణమే అని పిల్లలకి ఒక్క ముక్కలో ఎలా చెప్పను?

పద్మజ_బోటనీ
బుడగ అచ్చు గుండ్రం, అంచు కాటుక పెట్టినట్టు మందంగా నల్లగా, లోపల ఖాళీ వెలుతురు. కణం పొడుగ్గా ఉండి పక్క కణంతో గోడ పంచుకుంటుంది, ఒంటరిగా ఎక్కడా ఉండదు. ఇంకా అనుమానం ఉంటే సూది మొనతో కవర్‌స్లిప్‌ని తాకి చూడండి, బుడగ కదులుతుంది లేదా సాగుతుంది.

విజయనగరం_రవి
మాది గవర్నమెంటు బడి, సాఫ్రానిన్ సీసా అడుగంటి గట్టిపడిపోయింది. నేను పుండ్లకి రాసే టింక్చర్ అయోడిన్ నీళ్లలో కలిపి వాడాను, గోడలు పసుపుగా, కేంద్రకం ముదురు గోధుమ రంగులో బాగానే వచ్చింది. ఒకసారి అదీ లేక బెటాడిన్ వాడాను, లేతగా వచ్చింది కానీ వచ్చింది. మా పిల్లల్లో ఒకడు ‘సార్ అయోడిన్ వేస్తే నీలం రావాలి కదా’ అన్నాడు. నిజమే కదా, ఎందుకు రాలేదు?

పద్మజ_బోటనీ
వాడికి మంచి మార్కులు వేయండి. నీలం రావాలంటే పిండిపదార్థం ఉండాలి. ఉల్లిగడ్డ ఆహారాన్ని పిండిగా దాచుకోదు, చక్కెరలుగా దాచుకుంటుంది. పక్కనే బంగాళదుంప గీరి అదే అయోడిన్ వేసి చూపించండి, నల్లటి నీలం రేణువులు కనిపిస్తాయి. రెండూ పక్కపక్కన చూస్తే ఇక చెప్పక్కర్లేదు.

సూరి_సైన్స్‌కోచింగ్
ఎర్ర ఉల్లి అయితే రంగే అక్కర్లేదు, ఊరికే చూసినా కణాలు గులాబీగా కనిపిస్తాయి. ఇది నేను స్వయంగా చేశాను, ఇది కూడా తప్పంటారా?

పద్మజ_బోటనీ
తప్పు కాదు, కానీ అది రేకుకి బయటివైపు పొర. ఆ ఎరుపు రిక్తికలోని రసం రంగు, కేంద్రకానికి అంటదు. ఉప్పునీళ్లు వేస్తే లోపలి ముద్ద గోడనుంచి విడిపోయి ముడుచుకోవడం చూడటానికి అది బ్రహ్మాండంగా ఉంటుంది. కేంద్రకం చూపించమన్న ప్రాక్టికల్‌కి మాత్రం రంగు వేయాల్సిందే.

హైదరాబాద్_నాన్న
మా వాడు అడగమన్నాడు, వైవాలో ఉల్లి కణంలో హరితరేణువులు ఎక్కడున్నాయి అని అడిగితే?

విజయనగరం_రవి
లేవు అని చెప్పమనండి. గడ్డ మట్టిలో పెరుగుతుంది, ఆకులో అయితే ఉంటాయి. పత్రరంధ్రాలు కూడా ఈ పొరలో వెతకొద్దని చెప్పండి, మా దగ్గర సగం మంది బుడగకి బాణం గుర్తు పెట్టి పత్రరంధ్రం అని రాశారు.

చాక్‌పీస్_మేడం
మామగారూ, దొంగ దొరికాడు. ఐపీస్ తిరగేసి చూస్తే 45 కటకం కొన మీద నూనె పేరుకున్నట్టు, మధ్యలో ఒక ఎర్రటి మరక కూడా, సాఫ్రానిన్ అనుకుంటాను. తడి గుడ్డతో మూడు సార్లు తుడిస్తే పోయింది. ఇప్పుడు హై పవర్‌లో గోడలు గీత గీసినట్టున్నాయి.

కానీ చూపు మేరలో ఒక చోట నల్ల చుక్క మిగిలింది. స్లైడు జరిపితే కదలడం లేదు.

ల్యాబ్_మామ
ఐపీస్‌ని గొట్టంలో ఉన్నచోటే గుండ్రంగా తిప్పండి. చుక్క దాంతోపాటు తిరిగితే మురికి ఐపీస్ మీద ఉన్నట్టు.

చాక్‌పీస్_మేడం
తిరిగింది! తుడిచేశాను.

ఇక 400, 450 గొడవ. నాకు ఇది ఫిజిక్స్ కాబట్టి వదలబుద్ధి కాలేదు. నిన్న రాత్రి కూర్చుని ఒకటి చేశాను, తప్పుంటే చెప్పండి. పిల్లల పారదర్శక ప్లాస్టిక్ స్కేలుని స్లైడు బదులు పెట్టి లో పవర్‌లో చూశాను, అంటే 10 ఐపీస్, 10 కటకం. గీతలు కట్టెల్లా లావుగా కనిపించాయి, అందుకే ఒక గీత ఎడమ అంచు నుంచి పక్క గీత ఎడమ అంచు వరకు ఒక మిల్లీమీటరుగా తీసుకున్నాను. వెలుతురు వలయం అడ్డంగా 1.8 మి.మీ. వచ్చింది. స్కేలుతో హై పవర్‌కి వెళ్లలేదు, కటకం గీసుకుంటుందని భయం వేసింది. లెక్కే చాలు, కటకం పవర్ ఎంత రెట్లు పెరిగితే చూపు మేర అన్ని రెట్లు తగ్గాలి కదా:

1.8 × 10 ÷ 45 = 0.4 మి.మీ.

తర్వాత ఉల్లిపొర పెట్టి లో పవర్‌లో కణాలు పొడుగ్గా పడుకున్న దిక్కున, ఈ చివర నుంచి ఆ చివరకి లెక్కపెట్టాను. ఆరు కణాలు పట్టాయి. 1.8 ÷ 6 = 0.3 మి.మీ., అంటే ఒక కణం పొడవు దాదాపు 300 మైక్రాన్లు. ఇది సరైనదైతే హై పవర్‌లో ఒక కణం చూపు మేరలో ముప్పావు వంతు ఆక్రమించాలి. చూశాను, అంతే ఆక్రమించింది! 45 కాకుండా 40 అయితే చూపు మేర 0.45 వచ్చి మూడింట రెండు వంతులే ఉండాలి. కంటి చూపుతో ఆ రెంటికీ తేడా పట్టలేననుకోండి, కానీ కటకం మీద 45 అని చెక్కి ఉన్నప్పుడు 400 ఎందుకు రాయాలి?

సూరి_సైన్స్‌కోచింగ్
రాయాలి ఎందుకంటే పేపరు దిద్దేవాడు 400 చూడటానికి అలవాటుపడి ఉంటాడు.

విజయనగరం_రవి
సూరి గారూ, 40 కటకాలున్న మైక్రోస్కోపులూ ఉన్నాయి, 45వీ ఉన్నాయి. మన బడుల్లో పాతవాటిలో 45 బాగా కనిపిస్తాయి. మీ దగ్గర 40ది ఉంటే మీకు 400 రైటే. మేడం దగ్గరున్నది 45, ఆమెకి 450 రైటు. దిద్దేవాడికి అనుమానం వస్తే మైక్రోస్కోపు అక్కడే ఉంటుంది కదా, వంగి చదువుకుంటాడు.

పద్మజ_బోటనీ
మేడం, మీ లెక్కతో నాకు గొడవ లేదు, ఒక చిన్న సవరణ. ఆరు కణాలు అన్నది ఒకే చోట లెక్కపెట్టినది. అదే పొరలో ఇంకోచోట ఐదు రావచ్చు, ఎనిమిది రావచ్చు. లోపలి రేకులో చిన్నవి, బయటి రేకులో పెద్దవి ఉంటాయి. మూడు చోట్ల లెక్కపెట్టించి సగటు తీయించండి. ఇంకోటి, ఐపీస్ మారిస్తే 1.8 పనికిరాదు, మళ్లీ స్కేలు పెట్టాలి.

చాక్‌పీస్_మేడం
సరేనండి, మూడు చోట్ల చేయిస్తాను. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. పిల్లలు రికార్డులో బొమ్మ గీసి పక్కన 450 రెట్లు అని రాస్తారు కదా. ఒకడు కణాన్ని 6 సెంటీమీటర్లు గీశాడు, పక్కవాడు 3 గీశాడు. ఇద్దరూ 450 అనే రాశారు. 6 సెం.మీ. అంటే 60 మి.మీ., అసలు కణం 0.3. 60 ÷ 0.3 = 200. మొదటివాడి బొమ్మ 200 రెట్లు, రెండోవాడిది 100 రెట్లు. 450 అన్నది మైక్రోస్కోపుది, బొమ్మది కాదు. నిజంగా 450 రెట్లు గీయాలంటే కణం పదమూడున్నర సెంటీమీటర్లు ఉండాలి, రికార్డు పేజీ అడ్డంగా సరిపోతుందో లేదో.

పద్మజ_బోటనీ
శాస్త్రం ప్రకారం మీరన్నది నిజం. కానీ ఈ స్థాయిలో బొమ్మ కింద రాసేది ‘ఈ పవర్‌లో చూసి గీశాను’ అన్న అర్థంలో. బొమ్మకి వేరే లెక్క రాయిస్తే ఎగ్జామినర్ తికమకపడి మార్కు కోస్తాడని నా భయం.

చాక్‌పీస్_మేడం
రెండూ రాయిస్తే? ‘మైక్రోస్కోపులో 450 రెట్లు, బొమ్మ 200 రెట్లు’ అని.

సూరి_సైన్స్‌కోచింగ్
అప్పుడు కోసేది ఒక మార్కు కాదు, రెండు.

విజయనగరం_రవి
నేనైతే రెండూ రాయిస్తాను. ఎవడైనా కోస్తే వెళ్లి అడుగుతాను.

గడ్డ_కోసిన_కన్నీళ్లు
నా ఫోన్లో మేడం పెట్టిన ఫోటోని రెండు వేళ్లతో సాగదీశాను, ఇప్పుడు నాది ఎన్ని రెట్లు?

చాక్‌పీస్_మేడం
మీ స్క్రీన్ మీద కణం పొడవు స్కేలుతో కొలిచి 0.3తో భాగించండి, వచ్చేస్తుంది. సాగదీసినకొద్దీ అంకె పెరుగుతుంది, కొత్త వివరం మాత్రం రాదు. సూరి గారి ఐపీస్ లాగే.

సూరి_సైన్స్‌కోచింగ్
మళ్లీ నా మీదకే వచ్చింది.

చాక్‌పీస్_మేడం
ఈరోజు బుధవారం. ప్రాక్టికల్ అయిపోయింది. ముప్పై ఎనిమిది మంది, ఒక మైక్రోస్కోపు. స్లైడు ఎడమకి జరిపితే బొమ్మ కుడికి పోతుందని ముందే చెప్పినా ప్రతివాడూ ‘మేడం ఉల్టా పోతోంది’ అని అరిచాడు. పన్నెండో పిల్ల దగ్గర కొంచెం మసకేసింది, బ్లాటింగ్ చేయకుండా తెచ్చిన స్లైడే, ఆపి తుడిచాను. ఇద్దరు సాఫ్రానిన్‌లో నానబెట్టి మర్చిపోయారు, వాళ్ల పొర కుంకుమ అయిపోయింది, నీళ్లలో ఎంత కడిగినా వదల్లేదు, కొత్త పొర తీయించాను.

ఒక అమ్మాయి అడిగిన దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. కొన్ని కణాల్లో కేంద్రకం గోడకి ఆనుకుని ఉంది, కొన్నిట్లో నట్టనడుమ ఉంది. ‘పుస్తకంలో వృక్షకణంలో పక్కకే ఉంటుందని ఉంది మేడం, ఇది తప్పా’ అంది.

పద్మజ_బోటనీ
కణాన్ని చదునైన బొమ్మలా కాకుండా పెట్టెలా ఊహించుకోమనండి. మధ్యలో పెద్ద రిక్తిక ఉబ్బి అన్నిటినీ గోడల వైపు తోసేస్తుంది. పెట్టెకి పక్క గోడలే కాదు, పై మూత, కింది అడుగు కూడా ఉన్నాయి కదా. కేంద్రకం పక్క గోడకి ఆనుకుంటే మనకి పక్కన కనిపిస్తుంది. మూతకో అడుగుకో ఆనుకుంటే పైనుంచి చూసే మనకి నట్టనడుమ ఉన్నట్టు కనిపిస్తుంది. హై పవర్‌లో చిన్న నాబ్ కొద్ది కొద్దిగా తిప్పితే తేలిపోతుంది, నడుమ ఉన్న కేంద్రకం తేటగా ఉన్నప్పుడు పక్క గోడల మధ్యభాగం కొంచెం మసకేస్తుంది, గోడలు తేటపడితే అది మసకేస్తుంది. అంటే రెండూ ఒకే ఎత్తులో లేవన్నమాట.

ల్యాబ్_మామ
అందుకే చిన్న నాబ్ మీద వేలు తీయొద్దని మా పాత లెక్చరర్ చెప్పేవారు. ఇన్నేళ్లూ అది అలవాటు కోసం అనుకున్నాను.

చాక్‌పీస్_మేడం
రేపు ఆ అమ్మాయిని లంచ్ టైములో పిలిచి చూపిస్తాను. స్లైడు గ్లిజరిన్‌లో ఉంది కాబట్టి అప్పటికి ఎండదు కదా?

పద్మజ_బోటనీ
ఎండదు. నీళ్లలో పెట్టి ఉంటే ఈపాటికే పోయేది. దుమ్ము పడకుండా మూత వేసి, బల్లపరుపుగా ఉంచండి.

హైదరాబాద్_నాన్న
మేడం, రికార్డులో చివరికి 450 రాయించారా, 200 రాయించారా?

చాక్‌పీస్_మేడం
రెండూ. దిద్దుబాటు శుక్రవారం.

సూరి_సైన్స్‌కోచింగ్
శుక్రవారం రాత్రి ఇక్కడే ఉంటాను.